ఖాళీగా మిగిలే పెట్టెలు ఎన్ని?

కొన్ని పెట్టెలు, కొన్ని బంతులు ఉన్నాయి. బంతులను ఒక్కొక్కటిగా, గురి చూడకుండా పెట్టెల్లోకి విసరాలి. ప్రతి బంతీ ఏదో ఒక పెట్టెలో పడి తీరుతుంది. ఏ పెట్టెలో పడడానికైనా అవకాశం సమానమే. ముందు పడిన బంతులు ఎక్కడున్నాయన్నదానితో తరువాతి బంతికి సంబంధం లేదు. బంతులన్నీ అయిపోయాక ఒక్క బంతి కూడా పడని పెట్టెలు సగటున ఎన్ని మిగులుతాయన్నది సంభావ్యతా శాస్త్రంలో పాత ప్రశ్న. ఇక్కడ సగటు అంటే, ఇదే పనిని మొదటినుంచి చివరిదాకా ఎన్నోసార్లు చేసి, ప్రతిసారీ ఖాళీ పెట్టెలను లెక్కపెట్టి, ఆ లెక్కలకు తీసే సగటు.

పెట్టెలు ఎన్నో బంతులూ అన్నే ఉంటే ఖాళీలు చాలా తక్కువే మిగులుతాయని ఎక్కువమందికి అనిపిస్తుంది. తలకొకటి చొప్పున సరిపడా బంతులున్నాయి కదా అన్నది ఆ ఊహకు ఆధారం. నిజానికి పెట్టెల సంఖ్య పెద్దదైతే, వందకు దాదాపు 37 పెట్టెలు ఖాళీగానే ఉండిపోతాయి. 365 మంది ఉన్న ఒక గుంపును తీసుకుని, సంవత్సరంలో ఏ రోజైనా పుట్టే అవకాశం సమానమనీ లీపు సంవత్సరం లేదనీ అనుకుంటే, ఎవరి పుట్టినరోజూ కాని రోజులు సగటున 134 ఉంటాయి. ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే చేత్తో లెక్కపెట్టగలిగేంత చిన్న ఉదాహరణతో మొదలుపెట్టడం మేలు.

మూడు పెట్టెలు, మూడు బంతులు ఉన్నాయనుకుందాం. మొదటి బంతి మూడు చోట్ల పడవచ్చు, రెండోది మూడు చోట్ల, మూడోది మూడు చోట్ల. మొత్తం 27 రకాలుగా పడవచ్చు. వీటిలో ప్రతి పెట్టెలోనూ ఒక్కో బంతి పడేవి 6 మాత్రమే. మూడు బంతులూ ఒకే పెట్టెలో పడి రెండు పెట్టెలు ఖాళీ అయ్యేవి 3. మిగిలిన 18 రకాల్లో ఒక పెట్టెలో రెండు, మరోదానిలో ఒకటి పడి, ఒక పెట్టె ఖాళీగా ఉంటుంది. ఖాళీలన్నీ కూడితే 18 పెట్టెలు ఒక వైపు, 3 సార్లు రెండేసి చొప్పున 6 మరో వైపు, మొత్తం 24. దాన్ని 27తో భాగిస్తే 8/9. అంటే సగటున దాదాపు ఒక పెట్టె ఖాళీ. పెట్టెలన్నీ నిండడం 27లో 6 సార్లే జరుగుతుంది, అంటే నాలుగింట ఒక వంతు కూడా కాదు.

పెట్టెలు పెరిగితే ఇలా అన్ని రకాలనూ రాసి లెక్కపెట్టడం అసాధ్యం. పది పెట్టెలు, పది బంతులకే వెయ్యి కోట్ల రకాలు వస్తాయి. దీనికి ఒక దారి ఉంది. అన్ని పెట్టెలనూ ఒకేసారి చూడకుండా ఒకే ఒక పెట్టె మీద దృష్టి పెట్టడమే ఆ దారి. ఆ మూడింటిలో మొదటి పెట్టెనే గమనిస్తే, ఒక బంతి దాన్ని తప్పించుకుని పడే అవకాశం 2/3. మూడు బంతులూ తప్పించుకోవడానికి అవకాశం 2/3ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 8/27. మిగతా రెండు పెట్టెలకూ ఇదే లెక్క. మూడు పెట్టెల అవకాశాలను కూడితే 24/27, అంటే మళ్ళీ 8/9. ఇరవై ఏడు రకాలు రాయకుండానే అదే జవాబు వచ్చింది.

ఈ కూడికలో ఒక విషయం దగ్గర ఆగి చూడాలి. మూడు పెట్టెల గతులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి ఖాళీ అయితే దానికి రావలసిన బంతులు మిగతావాటికి పోతాయి. ఇలా ముడిపడినవాటి అవకాశాలను నేరుగా కూడవచ్చా అన్న అనుమానం సహజం. సగటుల విషయంలో కూడవచ్చు. ఎందుకంటే, ఖాళీ పెట్టెల మొత్తం లెక్కను రెండు రకాలుగా చేయవచ్చు. 27 రకాల్లో ఒక్కొక్కదాన్నీ తీసుకుని అందులో ఎన్ని ఖాళీలున్నాయో చూసి కూడడం ఒక పద్ధతి. ఒక్కొక్క పెట్టెనూ తీసుకుని అది ఎన్ని రకాల్లో ఖాళీ అయిందో చూసి కూడడం రెండో పద్ధతి. లెక్కపెట్టేది ఆ ఖాళీలనే కాబట్టి మొత్తం మారదు. పెట్టెల మధ్య ఎంత ముడి ఉన్నా ఈ మాట నిలుస్తుంది. ఈ సమస్యలో అన్నిటికన్నా అందమైన మెట్టు ఇదేనని చెప్పాలి. చిక్కుముడిని విప్పకుండా పక్కన పెట్టేసి జవాబు చేరుకునే అవకాశం గణితంలో తరచుగా దొరకదు.

పెట్టెల సంఖ్య n, బంతుల సంఖ్య m అనుకుంటే, ఒక పెట్టెను ఒక బంతి తప్పించుకునే అవకాశం 1 − 1/n. m బంతులూ తప్పించుకునే అవకాశం (1 − 1/n)^m. n పెట్టెలకు కూడితే ఖాళీ పెట్టెల సగటు ఇది:

```
E = n (1 − 1/n)^m
```

n పెద్దదైనప్పుడు ఇది n e^(−m/n) అనే సులువైన విలువకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇక్కడ e అంటే 2.718 దగ్గర మొదలయ్యే ప్రసిద్ధ స్థిరాంకం. m/n అంటే పెట్టెకు సగటున పడే బంతులు. అంటే ఖాళీగా మిగిలే పెట్టెల వాటా దాదాపుగా ఆ ఒక్క సగటు మీదే ఆధారపడుతుంది. బంతులూ పెట్టెలూ సమానమైతే ఆ వాటా 1/e, అంటే 0.368. మొదట చెప్పిన 37 శాతం ఇదే. బంతులు రెట్టింపైతే ఖాళీలు 13.5 శాతానికి, మూడు రెట్లయితే 5 శాతానికి దిగుతాయి. త్వరగానే తగ్గుతాయి గానీ సున్నా కావు.

ఈ సూత్రం నిజంగా పనికొచ్చిన ఘట్టాల్లో అందరికన్నా ఎక్కువగా చెప్పుకునేది రెండో ప్రపంచ యుద్ధకాలపు లండన్‌ది. 1944 జూన్ 13న జర్మనీ ప్రయోగించిన వీ-1 ఎగిరే బాంబు మొదటిసారి లండన్‌లో పడింది. పైలట్ లేని చిన్న విమానం అది. ముందు భాగంలో దాదాపు 850 కిలోల పేలుడు పదార్థం ఉండేది. దిక్కు తప్పకుండా ఒక గైరోస్కోప్ యంత్రాంగం చూసుకునేది. ముక్కు దగ్గర గాలికి తిరిగే చిన్న రెక్కల చక్రం దూరాన్ని లెక్కించేది. ముందుగా పెట్టిన లెక్క పూర్తికాగానే బాంబు కిందికి దూకేది. గాలివాటం మారినా, యంత్రంలో కొద్దిపాటి తేడా వచ్చినా అది పడే చోటు కిలోమీటర్ల కొద్దీ మారిపోయేది.

అయితే లండన్‌వాసులకు అలా అనిపించలేదు. ఒకే పేటలో మూడు నాలుగు బాంబులు పడేవి, కాస్త అవతల పేటలో ఒక్కటీ పడేది కాదు. బాంబులు గుంపులు గుంపులుగా పడుతున్నాయన్న మాట తరచుగా వినిపించేది. ఆ మాట నిజమైతే అర్థం తీవ్రంగా ఉంటుంది. శత్రువు ఫలానా పేటను ఎంచి కొట్టగలుగుతున్నాడన్నమాట. ప్రుడెన్షియల్ బీమా సంస్థలో యాక్చువరీగా పనిచేసిన ఆర్. డి. క్లార్క్ ఈ మాటను లెక్కతో పరీక్షించాడు. ఆయన చిన్న వ్యాసం 1946లో యాక్చువరీల సంస్థ పత్రికలో వచ్చింది. 1950లో విలియం ఫెల్లర్ తన సంభావ్యతా శాస్త్ర గ్రంథంలో దాన్ని ఉదాహరణగా చేర్చడంతో అది లోకానికి తెలిసింది.

క్లార్క్ దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఎంచుకున్నాడు. లండన్ అంతటా బాంబులు ఒకే దట్టంగా పడలేదు కాబట్టి, లోపల ఎక్కడ చూసినా బాంబుల దట్టం ఇంచుమించు ఒకేలా ఉండే ప్రాంతం కావాలి. దాన్ని చదరపు కిలోమీటరులో నాలుగో వంతు ఉండే 576 గళ్ళుగా విభజించాడు. ఒక్కో గడి అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. ఆ ప్రాంతంలో పడిన బాంబులు 537. ఇక గళ్ళే పెట్టెలు, బాంబులే బంతులు.

గడికి సగటున 537/576, అంటే 0.932 బాంబు. బాంబులు ఎంపిక లేకుండా పడి ఉంటే ఖాళీ గళ్ళ సగటు 576 × (575/576)^537. ఇది 226.6 అవుతుంది. e తో చేసే సులువు లెక్క 226.7 ఇస్తుంది. తేడా ఎంత స్వల్పమో గమనించవచ్చు. క్లార్క్ పటం మీద లెక్కపెట్టగా వచ్చిన ఖాళీ గళ్ళు 229.

మిగతా గళ్ళ సంగతీ ఇలాగే ఉంది. ఒక్కో గడిలో ఎన్ని బాంబులు పడతాయో పాయిజాన్ విభాజనం చెబుతుంది. ఖాళీల సూత్రం దానిలో మొదటి పదమే. ఒకే బాంబు పడిన గళ్ళు 211 ఉండాలని లెక్క చెబితే, పటంలో సరిగ్గా 211 ఉన్నాయి. రెండు పడినవి 98.5కు బదులు 93, మూడు పడినవి 30.6కు బదులు 35, నాలుగు పడినవి 7.1కి బదులు 7. అయిదు, అంతకన్నా ఎక్కువ పడిన గళ్ళు 1.6 ఉండాలి, ఒకటి ఉంది. అందులో ఏడు బాంబులు పడ్డాయి. ఏ గురీ లేకుండా పడితే ఎలా ఉండాలో అలాగే ఉంది. జనం చూసిన గుంపులు నిజమే, మూడు అంతకన్నా ఎక్కువ బాంబులు పడిన గళ్ళు 43 ఉన్నాయి. అయితే ఆ గుంపులను గుడ్డి అవకాశమే సృష్టించింది. 537 బాంబులను ఎవరైనా పనిగట్టుకుని గడికొకటి చొప్పున వేసి ఉంటే 39 గళ్ళే ఖాళీగా మిగిలేవి. నిజంగా అనుమానించవలసినది అలాంటి పొందికనే.

229కీ 226.6కీ మధ్య ఉన్న తేడా చిన్నదని ఎలా తెలుస్తుంది? సగటు ఒక్కటే దానికి చాలదు. అదే సంఖ్యలో బాంబులు మళ్ళీ మళ్ళీ పడితే ఖాళీల సంఖ్య సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో కూడా తెలియాలి. ఆ ఊపును క్రమవిచలనం అనే కొలతతో చెబుతారు. ఇక్కడ పొరపాటుకు చోటుంది. ఒక్కో గడి ఖాళీ అయ్యే అవకాశం 0.393 కదా అని, 576 గళ్ళనూ ఒకదానితో ఒకటి సంబంధం లేని 576 నాణేల్లా భావించి లెక్క వేస్తే క్రమవిచలనం 11.7 వస్తుంది. అది తప్పు. సగటు తీసేటప్పుడు పక్కన పెట్టగలిగిన ముడి ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

మూడు పెట్టెల ఉదాహరణలోనే దీన్ని చూడవచ్చు. మొదటి పెట్టె ఖాళీ అయ్యే అవకాశం 8/27, రెండోదీ అంతే. సంబంధం లేకపోతే రెండూ ఒకేసారి ఖాళీ అయ్యే అవకాశం వాటి గుణకారం, 64/729. అంటే సుమారు 0.088. నిజానికి రెండూ ఖాళీ కావాలంటే మూడు బంతులూ మూడో పెట్టెలోనే పడాలి. అది 27లో ఒక్కసారే, 0.037. ఒక పెట్టె ఖాళీ అయితే బంతులు మిగతా రెండింటిలోకే పోవాలి కాబట్టి రెండోది ఖాళీ అయ్యే అవకాశం పడిపోతుంది. ఒక ఖాళీ మరో ఖాళీని కొంత అడ్డుకుంటుంది. అందువల్ల మొత్తం ఊపు తగ్గుతుంది. గడికి సగటు బాంబులను λ అనుకుంటే, పెద్ద సంఖ్యలకు ఖాళీల విస్తృతి, అంటే క్రమవిచలనపు వర్గం, ఇలా ఉంటుంది:

```
V ≈ n e^(−λ) [1 − (1 + λ) e^(−λ)]
```

లండన్ సంఖ్యలు పెడితే విస్తృతి 54 చిల్లర, క్రమవిచలనం 7.4 వస్తాయి. 229 సగటుకు రెండున్నర మాత్రమే ఎక్కువ. క్రమవిచలనంలో మూడో వంతు. అలాంటి తేడా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నిజంగా బాంబులు కొన్ని పేటల మీద ఎక్కువగా పడి ఉంటే ఈ లెక్క పట్టేసేదా? ఊహకు, 576 గళ్ళలో సగం మీద నాలుగింట మూడు వంతుల బాంబులు, తక్కిన సగం మీద నాలుగింట ఒక వంతు పడ్డాయనుకుందాం. మొదటి సగంలో గడికి 1.4 బాంబులు, అక్కడ ఖాళీలు దాదాపు 71. రెండో సగంలో గడికి 0.47, అక్కడ ఖాళీలు 181. మొత్తం 252. సగటుకన్నా 25 ఎక్కువ, అంటే మూడు క్రమవిచలనాలకు మించిన తేడా. దాన్ని అనుకోకుండా వచ్చినదిగా కొట్టిపారేయలేరు. అసమానత ఎటు వైపున్నా ఖాళీల సగటును పెంచుతుందే గానీ తగ్గించదు. బాంబులు తగ్గిన చోట ఖాళీలు ఎంత పెరుగుతాయో, అన్నే బాంబులు పెరిగిన చోట అంతకు ఖాళీలు తగ్గవు. అందుకే ఖాళీలు లెక్కకు మించి ఉంటే గుంపులను, లెక్కకన్నా బాగా తక్కువ ఉంటే ఎవరో సర్దిన పొందికను అనుమానించాలి. ఖాళీ గళ్ళను మాత్రమే లెక్కపెట్టి ఇలా తీర్పు చెప్పే పరీక్షను బ్రిటిష్ గణాంకవేత్త ఎఫ్. ఎన్. డేవిడ్ 1950లో ప్రతిపాదించింది.

ఈ పరీక్ష బలమంతా గడి పరిమాణంలో ఉంది. అదే ప్రాంతాన్ని నాలుగేసి చదరపు కిలోమీటర్ల 36 గళ్ళుగా విభజిస్తే గడికి దాదాపు 15 బాంబులు వస్తాయి. ఖాళీల సగటు సున్నాకు అంటుకుని ఉంటుంది. బాంబులు కొంతమేర గుంపుగా పడినా ఒక్క గడీ ఖాళీ కాదు, పరీక్షకు ఏమీ కనబడదు. దానికి భిన్నంగా, యాభై మీటర్ల గళ్ళు 57,600 చేస్తే ఖాళీల సగటు 57,065 దాటుతుంది. ఏ రెండు బాంబులూ ఒకే గడిలో పడకపోయినా ఖాళీలు 57,063 ఉంటాయి. అంటే అంత పెద్ద సంఖ్యలో పనికొచ్చే సమాచారం రెండు మూడు గళ్ళకే పరిమితం. గడికి సగటున ఒకటి, రెండు పడేలా విభజించినప్పుడే ఖాళీలు బాగా మాట్లాడతాయి. క్లార్క్ ఎంచుకున్న 0.93 ఆ హద్దుకు దగ్గరలోనే ఉంది.

సూత్రాన్ని ముందుకే కాక వెనక్కూ నడపవచ్చు. బంతులు ఎన్నో తెలిసి ఖాళీలను ఊహించే బదులు, ఖాళీలను లెక్కపెట్టి బంతులు ఎన్ని పడ్డాయో చెప్పవచ్చు. లండన్ పటంలో ఎన్ని బాంబులు పడ్డాయో తెలియదనీ, 576లో 229 గళ్ళు ఖాళీ అన్న ఒక్క సంగతే తెలుసనీ అనుకుందాం. ఖాళీల వాటా 0.3976. e^(−λ) దీనికి సమానం కావాలంటే λ విలువ 0.922. దాన్ని 576తో గుణిస్తే 531 బాంబులు. అసలు సంఖ్య 537. ఒక్క బాంబునూ లెక్కించకుండా, పడని చోట్లను మాత్రమే చూసి వందకు ఒకటి పైచిలుకు తేడాతో జవాబు చేరింది.

డిజిటల్ పీసీఆర్ అనే ప్రయోగశాల పరీక్ష సరిగ్గా ఈ లెక్క మీదే నడుస్తుంది. రక్తం లాంటి నమూనాలో వెతుకుతున్న డీఎన్ఏ అణువులు ఎన్ని ఉన్నాయో తెలియాలి. ద్రవాన్ని సుమారు 20,000 అతి చిన్న చుక్కలుగా విడగొడతారు. వెతికే అణువు ఉన్న చుక్కలో రసాయన చర్య జరిగి మెరుపు వస్తుంది, లేని చుక్క చీకటిగా ఉంటుంది. మెరిసే చుక్కలో అణువు ఒకటే ఉందా మూడున్నాయా అన్నది యంత్రానికి తెలియదు. తెలియనక్కరలేదు కూడా. చీకటి చుక్కల వాటా తెలిస్తే, దాని నుంచి చుక్కకు సగటున ఎన్ని అణువులో, ఆపైన నమూనాలో మొత్తం ఎన్నో తేలుతుంది. మెరిసిన చుక్కలను లెక్కపెట్టి అదే అణువుల సంఖ్య అనుకుంటే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది, ఒకే చుక్కలో కలిసిపోయినవి జారిపోతాయి కాబట్టి.

ఇక్కడా అదే హద్దు ఉంది. నమూనా మరీ చిక్కగా ఉంటే చుక్కలన్నీ మెరుస్తాయి. చుక్కకు పది అణువులు పడితే 20,000లో చీకటిగా మిగిలేది సగటున ఒక్కటి కూడా కాదు. అప్పుడు చీకటి చుక్క ఒకటి కనబడితే ఒక జవాబు, రెండు కనబడితే వేరే జవాబు, ఒక్కటీ కనబడకపోతే అసలు జవాబే ఉండదు. అందుకే అలాంటి నమూనాను పదింతలు, వందింతలు పలచన చేసి మళ్ళీ పరీక్షిస్తారు. తగినన్ని చుక్కలు చీకటిగా మిగిలాక వచ్చిన సంఖ్యను, పలచన చేసినన్ని రెట్లు పెంచి జవాబుగా తీసుకుంటారు.